స్టాగ్‌ఫ్లేషన్: అపోహలు – వాస్తవాలు

వడ్డీ రేట్లు ఎటు వెళ్తాయో అంచనా కట్టడం నా వృత్తి. ముడిచమురు ధర పెరిగిన ప్రతిసారీ 1970ల నాటి స్టాగ్‌ఫ్లేషన్ మళ్లీ వస్తుందా అని అడిగేవారు ఉంటారు. వృద్ధి కుంటుపడి, నిరుద్యోగం పెరుగుతూ ఉండగానే ధరలు కూడా వేగంగా పెరుగుతూ పోయే స్థితిని స్టాగ్‌ఫ్లేషన్ అంటారు. దాని గురించి ప్రచారంలో ఉన్న నమ్మకాలలో చాలావాటికి మూలం 1973 నుంచి 1982 వరకు అమెరికా పడ్డ పాట్లే. అక్కడ నిజంగా ఏం జరిగిందో చూస్తే ఆ నమ్మకాలలో కొన్ని నిలబడవు.

అపోహ: 1973లో అరబ్ దేశాలు చమురు ఆపినందువల్లే స్టాగ్‌ఫ్లేషన్ వచ్చింది.

వాస్తవం: చమురు దెబ్బ తగిలే నాటికే అమెరికాలో ధరలు అదుపు తప్పాయి. 1973 అక్టోబరులో ఆంక్షలు మొదలయ్యాయి. పీపా 3 డాలర్ల దరిదాపుల్లో ఉన్న చమురు 1974 జనవరికి 12 డాలర్లకు చేరువైంది. అయితే ఆంక్షలకు ముందు నెల, అంటే 1973 సెప్టెంబరులోనే, అమెరికా వినియోగదారుల ధరలు ఏడాది క్రితంతో పోలిస్తే 7 శాతానికి పైగా పెరిగి ఉన్నాయి. ఆ ఏడాది ఆరంభంలో ఈ పెరుగుదల 4 శాతం లోపే. 1971 ఆగస్టులో డాలరుకు బంగారంతో ఉన్న ముడిని తెంచేశాక డాలరు విలువ పడిపోయింది, 1972లో పంటలు దెబ్బతిని సోవియట్ యూనియన్ భారీగా ధాన్యం కొన్నది, వీటన్నిటి కింద అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ చౌకగా డబ్బు అందిస్తూ వచ్చింది.

ఇక్కడ చాలామంది గమనించని తేడా ఒకటి ఉంది. చమురు ధర ఒకసారి పెరిగితే ధరల స్థాయి ఒకసారి పెరుగుతుంది. అంతమాత్రాన ధరలు ఏటా పెరుగుతూ పోవాలన్న నియమం లేదు. ఒక కుటుంబం ఖర్చులో నూటికి 5 రూపాయలు ఇంధనానికి పోతున్నాయనుకుందాం. ఇంధనం ధర రెట్టింపయితే అదే జీవితానికి ఆ కుటుంబం 105 రూపాయలు ఖర్చు పెట్టాలి, అంటే ఆ ఏడాది 5 శాతం పెరుగుదల నమోదవుతుంది. మరుసటి ఏడాది ఇంధనం ధర అక్కడే నిలిచిపోతే దాని వల్ల కలిగే పెరుగుదల సున్నా. ఆ 5 రూపాయల నష్టాన్ని జనం భరించక తప్పదు, కానీ ద్రవ్యోల్బణం మాత్రం తనంతట తానే చల్లారాలి.

అది చల్లారకుండా చేసేది వేతనాలకూ ధరలకూ మధ్య నడిచే పరుగు. పోయిన 5 రూపాయలను జీతం పెంపుతో రాబట్టుకోవాలని కార్మికులు, పెరిగిన జీతాల భారాన్ని సరుకుల మీద వేయాలని యజమానులు, వచ్చే ఏడాది కూడా ఇలాగే ఉంటుందన్న అంచనాతో ఇద్దరూ కదిలినప్పుడు ఒక్కసారి తగిలిన దెబ్బ ఏటేటా తగులుతూ ఉంటుంది. దానికి కావలసిన డబ్బును కేంద్ర బ్యాంకు చౌకగా సరఫరా చేస్తేనే ఆ పరుగు సాగుతుంది.

ఈ మాటకు నాకు కనిపించే బలమైన సాక్ష్యం జపాన్. చమురంతా దిగుమతి చేసుకునే ఆ దేశంలో, అప్పటికే డబ్బు విపరీతంగా చలామణిలో ఉన్న దశలో మొదటి చమురు దెబ్బ తగిలింది. 1974 వసంతకాలపు వేతన చర్చల్లో జీతాలు సుమారు 33 శాతం పెరిగాయి, ఆ ఏడాది వినియోగదారుల ధరలు 23 శాతం దాకా పెరిగాయి. 1979లో ఇరాన్ విప్లవం తర్వాత రెండో దెబ్బ తగిలినప్పుడు జపాన్ కేంద్ర బ్యాంకు ముందే మేల్కొని వడ్డీలు పెంచింది, కార్మిక సంఘాలు తక్కువ పెంపుతో సరిపెట్టుకున్నాయి, 1980లో ధరల పెరుగుదల 8 శాతం లోపే ఆగింది. దేశం అదే, దిగుమతి చేసుకునే సరుకూ అదే. ఫలితం మాత్రం వేరు.

మన దేశంలోనూ ఈ పరుగును ఆపాలని చూసిన సందర్భం ఉంది. 1972 కరువు, ఆ వెంటనే చమురు దెబ్బ కలిసి 1974-75లో టోకు ధరలను 25 శాతం మేర పెంచినప్పుడు, 1974 జులైలో రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటును 7 నుంచి 9 శాతానికి పెంచింది. ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి ఉద్యోగులకు పెరిగిన వేతనాన్ని మొత్తంగా, అదనపు కరువు భత్యంలో సగాన్ని నిర్బంధ డిపాజిట్ కింద నిలిపివేసింది. ఉద్యోగులకు అది కష్టమైన నిర్ణయమే. మరుసటి ఏడాది టోకు ధరలు స్వల్పంగా తగ్గాయి. మంచి పంట దానికి ఎంతో తోడ్పడిందన్నది మాత్రం మరచిపోకూడదు.

అపోహ: మందు తెలిసిందే, వడ్డీ పెంచడమే, కేంద్ర బ్యాంకులకు ధైర్యం చాలదు.

వాస్తవం: ధైర్యం ఒక్కటే చాలే సమస్య అయితే ఇంత చర్చ అవసరమయ్యేది కాదు. మామూలు మాంద్యంలో గిరాకీ పడిపోతుంది, ధరలూ నెమ్మదిస్తాయి. వడ్డీ తగ్గిస్తే రెండూ ఒకే దిశలో సర్దుకుంటాయి. సరఫరా దెబ్బతిన్నప్పుడు ఉత్పత్తి తగ్గుతుంది, ధర పెరుగుతుంది. కేంద్ర బ్యాంకు చేతిలో ఉన్న వడ్డీ రేటు గిరాకీని మాత్రమే కదిలించగలదు; అది చమురును తవ్వదు, వానను కురిపించదు. పెంచితే ఇప్పటికే పోతున్న ఉద్యోగాలు ఇంకా పోతాయి, తగ్గిస్తే ధరల పరుగు ఊపందుకుంటుంది. పైగా వడ్డీ మార్పు ప్రభావం ధరల మీద కనిపించడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది.

1974-75లో ఆర్థర్ బర్న్స్ నాయకత్వంలోని ఫెడ్ ముందున్న పరిస్థితి ఇదే. 1974 జులైలో బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పుల మీద వడ్డీ 13 శాతానికి చేరువైంది. అప్పటికే మాంద్యం నడుస్తోంది, నిరుద్యోగం పెరుగుతోంది, సంవత్సరాంతానికి ధరల పెరుగుదల 12 శాతం దాటింది. ఫెడ్ ఉద్యోగాల వైపు మొగ్గి వడ్డీని దించుతూ వచ్చింది. 1975 మార్చి నాటికి అది సుమారు 5.5 శాతం, అదే నెలలో ధరల పెరుగుదల 10 శాతం చుట్టూ ఉంది. అంటే ధరల పెరుగుదలను తీసేస్తే నిజ వడ్డీ దాదాపు మైనస్ 4.5 శాతం, అప్పు తీసుకున్నవాడు తిరిగి చెల్లించే డబ్బు విలువ, వడ్డీతో కలిపినా, తీసుకున్ననాటికన్నా తక్కువ. చూడటానికి గట్టిగా కనిపించిన విధానం నిజానికి ఉదారంగా ఉంది. నిరుద్యోగం ఆ ఏడాది మే నెలలో 9 శాతాన్ని తాకింది, కాబట్టి ఆ మొగ్గును పిరికితనం అని కొట్టివేయడం నాకు న్యాయంగా తోచదు.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆర్థిక వ్యవస్థ ధరలు పెరగకుండా ఎంత ఉత్పత్తి చేయగలదన్నది ఎవరికీ కంటికి కనిపించే సంఖ్య కాదు, అంచనా వేయాల్సిందే. ఆ సామర్థ్యం 100 అనుకుందాం. చమురు ఖరీదై, పాత యంత్రాలు నడపడం గిట్టుబాటు కాక అది 97కు పడిపోయింది, వాస్తవ ఉత్పత్తి 96కు చేరింది. నిజమైన లోటు ఒకటే. సామర్థ్యం ఇంకా 100 అనుకునే అధికారికి మాత్రం నాలుగు లోటు కనిపిస్తుంది, దాన్ని పూడ్చడానికి అతడు వడ్డీని అతిగా తగ్గిస్తాడు, ఆ అదనపు గిరాకీ మొత్తం ధరల్లోకి పోతుంది. ఆనాటి అధికారుల చేతికి అందిన లెక్కలను తర్వాత తిరగతోడిన ఆర్థికవేత్త అథనాసియోస్ ఓర్ఫనైడీస్ చూపించింది ఇదే: 1970లలో ఫెడ్ చేసిన పొరపాటులో పెద్ద వాటా, ఉత్పాదకత నెమ్మదించిన సంగతిని సకాలంలో గుర్తించలేకపోవడం. గిరాకీ పడిందా, సామర్థ్యమే పడిందా అన్నది ఈరోజుకీ అప్పటికప్పుడు తేల్చడం కష్టం.

అపోహ: కొంత ద్రవ్యోల్బణాన్ని భరిస్తే ఉద్యోగాలు దక్కుతాయి.

వాస్తవం: 1960లలో ఈ బేరం పనిచేస్తున్నట్టే కనిపించింది. జనం స్థిరమైన ధరలను ఆశిస్తున్నంతకాలం ఊహించని ధరల పెరుగుదల వ్యాపారాన్ని కదిలిస్తుంది. జనం దాన్ని ముందే లెక్కలోకి తీసుకుని జీతాలు, అద్దెలు, ఒప్పందాలు రాసుకోవడం మొదలుపెట్టాక ఆ ప్రయోజనం ఆవిరై ద్రవ్యోల్బణం మాత్రం మిగులుతుంది. మిల్టన్ ఫ్రీడ్‌మన్, ఎడ్మండ్ ఫెల్ప్స్ విడివిడిగా ఈ సంగతిని 1960ల చివరే, అనుభవానికి రాకముందే, హెచ్చరించారు.

అపోహ: ధరలను చట్టంతో కట్టేస్తే చాలు.

వాస్తవం: 1971 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ ధరలను, వేతనాలను 90 రోజులు స్తంభింపజేశాడు, నియంత్రణలు రకరకాల రూపాల్లో 1974 ఏప్రిల్ వరకు సాగాయి. మొదట్లో ధరల సూచీ శాంతించింది. ఆ తర్వాత అమ్ముకుంటే నష్టమని రైతులు పశువులను సంతకు తేవడం తగ్గించారు, మాంసం కొరత వచ్చింది. నియంత్రణలు తొలగగానే అణచిపెట్టిన పెరుగుదల ఒక్కసారిగా బయటపడింది. ఇంతలో ధరల పని చట్టం చూసుకుంటోందన్న భరోసా ఫెడ్‌ను వడ్డీల విషయంలో ఉదాసీనంగా ఉంచింది, నా దృష్టిలో అసలు హాని అదే.

అపోహ: పాల్ వోల్కర్ వడ్డీలు పెంచాడు, జబ్బు నయమైంది.

వాస్తవం: నయమైంది, కానీ మొదటి ప్రయత్నంలో కాదు. 1979 ఆగస్టులో ఫెడ్ అధిపతిగా పదవిలోకి వచ్చిన వోల్కర్ కాలంలో ఫెడ్ వడ్డీ 1980 ఏప్రిల్‌లో 17 శాతం దాటి, మాంద్యం కనబడగానే జులైకి 9 శాతానికి దిగింది. ధరల పెరుగుదల ఇంకా 13 శాతం దగ్గరే ఉంది. ఫెడ్ ఈసారీ వెనక్కి తగ్గుతుందన్న నమ్మకం జనంలో మరింత బలపడింది, దాంతో రెండోసారి మరింత గట్టిగా పెంచాల్సి వచ్చింది. 1981 మధ్యలో వడ్డీ 19 శాతాన్ని తాకింది, 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. ఇళ్లు కట్టేవారు నిరసనగా కలప ముక్కలు ఫెడ్‌కు పోస్టులో పంపారు, రైతులు ట్రాక్టర్లతో వచ్చి ఫెడ్ భవనాన్ని ముట్టడించారు. డాలర్లలో అప్పులు చేసిన మెక్సికో 1982 ఆగస్టులో చెల్లించలేనని చేతులెత్తేసింది. ద్రవ్యోల్బణం ఆ డిసెంబరుకు 4 శాతం లోపుకు దిగింది. పరుగు ముదిరాక ఆపడానికి అయ్యే ఖర్చు ఇంత.

అపోహ: ధరలు పెరిగి వృద్ధి కాస్త తగ్గితే అదే స్టాగ్‌ఫ్లేషన్.

వాస్తవం: 2022 ఏప్రిల్‌లో మన దేశంలో చిల్లర ధరల పెరుగుదల 7.79 శాతానికి చేరినప్పుడు ఈ మాట బాగా వినబడింది. రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును 4 నుంచి 2023 ఫిబ్రవరి నాటికి 6.5 శాతానికి తీసుకెళ్లింది, 2022-23లో వృద్ధి 7 శాతం చుట్టూనే నిలిచింది. అది ధరల సమస్యే గాని స్టాగ్‌ఫ్లేషన్ కాదు. నిజంగా అటు వెళ్తున్నామా అని తెలుసుకోవడానికి నేను ముందుగా ఆహారం, ఇంధనం మినహాయించిన ద్రవ్యోల్బణం దెబ్బ తగిలిన ఆరేడు నెలల తర్వాత కూడా పెరుగుతోందా అని చూస్తాను. ఆ తర్వాత, ఏడాది ముందుకు ధరలు ఎలా ఉంటాయని కుటుంబాలు అనుకుంటున్నాయో రిజర్వ్ బ్యాంక్ సర్వేలో చూస్తాను. వృద్ధి తగ్గుతుంటే గోదాములు నిండి రాయితీలు ఇస్తున్నారా, లేక ఆర్డర్లు ఉన్నా ముడిసరుకు దొరకక ఆగారా అన్నది కంపెనీల వివరాల్లో వెతుకుతాను. మొదటిదయితే గిరాకీ లోపం, వడ్డీ తగ్గింపుతో తీరేది. రెండోదయి, అంచనాలు, వేతనాలు కూడా పైకి కదులుతుంటే, 1974లో బర్న్స్ ముందున్న ప్రశ్నే మన కేంద్ర బ్యాంకు ముందుకు వస్తుంది.