రెండో నెల పాపకు హిమోగ్లోబిన్ 10: అపోహలు, వాస్తవాలు

రెండు నెలల పాప. పాలు బాగా తాగుతుంది, పలకరిస్తే నవ్వుతుంది, బరువూ పెరుగుతోంది. హెర్నియా ఆపరేషన్‌కు ముందో, ఇంకెందుకో సీబీసీ రాస్తే హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది, పక్కన పెద్దక్షరాల్లో L. ఆ ఒక్క అక్షరంతో ఇంట్లో అందరికీ నిద్ర పోతుంది. "పుట్టినప్పుడు 17 ఉంది డాక్టరు గారూ, రెండు నెలల్లో ఏడు పాయింట్లు ఎక్కడికి పోయింది?" అని తల్లి అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే. దానికి ఎవరూ సరిగా జవాబు చెప్పకపోతే ఆ ఖాళీలోకి ఐరన్ చుక్కలు, బీట్‌రూట్ రసం, పోతపాలు వచ్చి చేరతాయి.

అపోహ: హిమోగ్లోబిన్ తగ్గిందంటే ఐరన్ చాలడం లేదు, తల్లి పాలలో బలం లేదు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. అందుకే దీని గురించి వివరంగా చెప్పాలి.

కడుపులో ఉన్న బిడ్డకు ఆక్సిజన్ మాయ ద్వారా, తక్కువ ఒత్తిడిలో అందుతుంది. ఆ కొద్దిపాటి ఆక్సిజన్‌ను పట్టుకోవడానికి శరీరం ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారు చేసి పెట్టుకుంటుంది. కణాలు చెయ్యమని ఎముక మజ్జకు చెప్పేది ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను. బిడ్డ పుట్టి ఊపిరి పీల్చిన కాసేపటికే ఆక్సిజన్ శాతం 90 దాటుతుంది. ఇక అన్ని కణాలు అక్కర్లేదు కాబట్టి ఆ హార్మోను దాదాపు ఆగిపోతుంది. పుట్టిన రోజున 4, 5 శాతం ఉండే రెటిక్ కౌంట్ వారం తిరిగేసరికి 1 శాతానికి పడిపోతుంది. రెటిక్యులోసైట్లంటే మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన లేత కణాలు. అవి లేవంటే తయారీ ఆగిందని అర్థం.

ఇటు పాత కణాలు రాలిపోతూనే ఉంటాయి. పెద్దవాళ్ల ఎర్రకణం 120 రోజులు బతికితే నెలలు నిండి పుట్టిన బిడ్డ కణం 60 నుంచి 90 రోజులే బతుకుతుంది. కొత్తవి రావు, పాతవి పోతాయి, పైగా బిడ్డ పెరుగుతుంది. ఈ మూడో కారణాన్నే అందరూ మరిచిపోతారు.

లెక్క వేసి చూద్దాం. ఒక పాప 3 కిలోలతో పుట్టిందనుకుందాం. కిలోకు సుమారు 80 మిల్లీలీటర్ల చొప్పున ఒంట్లో 240 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. హిమోగ్లోబిన్ 17 అంటే 100 మిల్లీలీటర్లకు 17 గ్రాములు, అంటే ఒంట్లో మొత్తం దాదాపు 41 గ్రాములు. ఎనిమిది వారాలకు పాప 4.8 కిలోలైంది. ఇప్పుడు రక్తం 384 మిల్లీలీటర్లు, హిమోగ్లోబిన్ 10.2. మొత్తం ఎంత? 39 గ్రాములు. తల్లి అడిగిన ఏడు పాయింట్లలో ఎక్కువ భాగం ఎక్కడికీ పోలేదు. పాలు అవే ఉన్నాయి, గిన్నె పెద్దదైంది. గిన్నె అలా పెద్దదవుతున్నది కూడా తల్లి పాలతోనే.

ఐరన్ సంగతి కూడా ఇలాంటిదే. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పాత కణం చచ్చినప్పుడు అందులోని ఐరన్ బయటికి పోదు. శరీరం దాన్ని దాచుకుంటుంది, మజ్జ మళ్లీ పని మొదలెట్టాక వాడుకుంటుంది. కాబట్టి రెండో నెలలో నెలలు నిండిన బిడ్డకు లోపించింది ఐరన్ కాదు, తయారు చెయ్యమనే ఆజ్ఞ. మీరెంత ఐరన్ పోసినా ఆ ఆజ్ఞ రాదు, ఈ తగ్గుదలా ఆగదు. సాధారణంగా 8 నుంచి 12 వారాల మధ్య హిమోగ్లోబిన్ 9 నుంచి 11 దాకా దిగుతుంది. అక్కడ కణజాలానికి ఆక్సిజన్ కాస్త తక్కువగా తగిలి హార్మోను మేల్కొంటుంది, రెటిక్ కౌంట్ పెరుగుతుంది, మూడు నాలుగు నెలలకల్లా అంకె తనంతట తనే పైకి నడుస్తుంది.

మరి 10తో బిడ్డకు ఎలా సరిపోతుంది? పుట్టినప్పటి హిమోగ్లోబిన్‌లో ఎక్కువ భాగం పిండ రకం. అది ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని తొందరగా వదలదు. తర్వాతి నెలల్లో దాని స్థానంలో క్రమంగా పెద్దవాళ్ల రకం వస్తుంది, ఇది కండరానికీ మెదడుకూ సులువుగా వదిలేస్తుంది. కాబట్టి ఇప్పటి 10 గ్రాములు అప్పటి 10 గ్రాముల కంటే ఎక్కువ పని చేస్తాయి.

ఈ అపోహతో జరిగే నష్టం ఎలాంటిదో కూడా తెలియాలి. ఇంట్లో పెద్ద పిల్లవాడికి ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ సిరప్ ఉంటుంది. అది ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున వెయ్యాల్సింది. ఆ ఒక్క మిల్లీలీటరులోనే 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంది. "రక్తం పడుతుంది" అని ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, 5 కిలోల పాపకు పోస్తే కిలోకు 20 మిల్లీగ్రాములు వెళ్లినట్టు. వాంతులు, విరేచనాలతో విషలక్షణాలు మొదలయ్యే మోతాదు అది. పొరపాటున అలా పోసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకండి, సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక పాలు మార్చడం. ఆవు పాలు, గేదె పాలు పడితే లేని ఐరన్ లోపం నిజంగానే వస్తుంది. వాటిలో ఐరన్ తక్కువ, ఉన్నదీ ఒంటికి సరిగా పట్టదు, పేగు నుంచి కొద్ది కొద్దిగా రక్తం కూడా పోవచ్చు. మేక పాలలో ఫోలిక్ ఆసిడ్ దాదాపు ఉండదు, వాటి మీదే పెంచితే వేరే రకం రక్తహీనత వస్తుంది. తల్లి పాలలో ఐరన్ కొంచెమే అయినా బాగా ఒంటబడుతుంది, పైగా నెలలు నిండిన బిడ్డ పుట్టేటప్పుడు తెచ్చుకున్న నిల్వ నాలుగు నుంచి ఆరు నెలల దాకా వస్తుంది. ఆ పాలు ఆపొద్దు.

అపోహ: రిపోర్టులో L ఉందంటే జబ్బే

చాలా ల్యాబుల యంత్రాలు పెద్దవాళ్ల కొలతలు పక్కన పెట్టుకుని L, H గుర్తులు వేస్తాయి. రెండు నెలల బిడ్డ సగటు హిమోగ్లోబిన్ 11 చిల్లర, కింది హద్దు సుమారు 9. అదే రిపోర్టులో లింఫోసైట్లు 65 శాతం, పక్కన H అని కూడా ఉంటుంది. ఈ వయసులో అవి అలాగే ఉండాలి. ఇంకో మాట, మడమ గుచ్చి పిండి తీసిన రక్తానికీ నరం నుంచి తీసిన రక్తానికీ ఒకటి రెండు గ్రాముల తేడా రావచ్చు. మొదటిసారి మడమ నుంచి, రెండోసారి నరం నుంచి తీసి "వారంలో ఒకటిన్నర పడిపోయింది" అని భయపడకండి.

బీట్‌రూట్, దానిమ్మ, ఖర్జూరం రసాలు ఆరు నెలల లోపు వద్దు. తేనె ఏడాది దాకా వద్దు, బోట్యులిజం ప్రమాదం ఉంది. కామెర్లకు లైట్ కింద పెట్టడం వల్ల రక్తం ఎండిపోదు. రక్తం ఎక్కిస్తే త్వరగా కోలుకుంటుందనుకోవడమూ తప్పే. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఈ దశలో ఎక్కిస్తే, అప్పుడే మేల్కోబోతున్న హార్మోను మళ్లీ నిద్రపోతుంది, సొంత తయారీ ఇంకా ఆలస్యమవుతుంది.

అపోహ: ఈ వయసులో ఎంత తగ్గినా మామూలే

మొదటి అపోహను పోగొట్టబోయి కొందరు దీనిలో పడతారు. ఈ తగ్గుదలకు ఒక వేళ, ఒక లోతు ఉన్నాయి. వేళకు ముందే వచ్చినా, లోతు దాటినా దాన్ని మామూలు అనకూడదు.

తల్లిది నెగటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అనుకుందాం. పుట్టిన రెండో రోజు కామెర్లు, లైట్ కింద పెట్టారు, ఆరో రోజు ఇంటికి పంపారు. పసుపు పోయింది కాబట్టి అందరూ ఆ సంగతి మరిచిపోయారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు మాత్రం వారాల తరబడి బిడ్డ రక్తంలోనే ఉండి కణాలను పగలగొడుతూ ఉంటాయి. మూడో వారానికి హిమోగ్లోబిన్ 7.5. బిడ్డ పాలు తాగుతూ మధ్యలో ఆగిపోతుంది, తల చెమటతో తడుస్తుంది. దీన్ని "రెండో నెల తగ్గుదల, కాస్త ముందొచ్చింది" అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇలాంటి బిడ్డకు ఇంటికెళ్లాక కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి ఆరేడు వారాల వయసు దాకా, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, హిమోగ్లోబిన్, రెటిక్ కౌంట్ చూడాలి. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీలు రాయలేదంటే అడిగి రాయించుకోండి.

నెలలు నిండిన బిడ్డకు 9 కంటే తగ్గినా, నాలుగు వారాల లోపే బాగా పడిపోయినా, అంకె ఎంతైనా సరే కింది లక్షణాలున్నా కారణం వెతకాలి. పెదవులు, అరచేతులు తెల్లగా పాలిపోవడం, నిద్రలో ఉన్నప్పుడు కూడా నిమిషానికి 60కి పైగా ఊపిరి, పాలు తాగుతూ అలసిపోవడం, బరువు పెరగకపోవడం, కామెర్లు తిరగబెట్టడం, పొట్టలో ప్లీహం తగలడం. మొదట చూడాల్సింది రెటిక్ కౌంటే. అది ఎక్కువుంటే కణాలు పగులుతున్నాయి, లేదా రక్తం ఎక్కడో పోతోంది. అప్పుడు బిలిరుబిన్, తల్లీబిడ్డల గ్రూపులు, కణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయో లేదో చెప్పే కూంబ్స్ పరీక్ష, కణాల ఆకారం చూసే స్మియర్. హిమోగ్లోబిన్ 7కు దిగినా రెటిక్ లేవకపోతే మజ్జలోనే సమస్య ఉందేమో చూడాలి. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కూడా తగ్గి ఉంటే అసలు ఆలస్యం వద్దు.

ఒక్క పరిస్థితిలో గంటలు కూడా లెక్కే. పుట్టగానే వేసే విటమిన్ కె ఇంజెక్షన్ పడని బిడ్డ రెండో వారం నుంచి మూడో నెల మధ్య హఠాత్తుగా తెల్లబడి, వాంతులు చేసుకుని, మాడు ఉబ్బితే తలలో రక్తస్రావం అయి ఉండొచ్చు. రిపోర్టుల కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

నెలలు నిండని బిడ్డలు

వీళ్ల లెక్క వేరు. వీళ్ల కణాలు ఇంకా తక్కువ రోజులు బతుకుతాయి, ఐసీయూలో పరీక్షలకు తీసే రక్తం కూడా తోడవుతుంది. అందుకే తగ్గుదల ముందే, 4 నుంచి 8 వారాల మధ్య వస్తుంది, 7, 8 దాకా దిగుతుంది. ఐరన్ నిల్వ కూడా చివరి మూడు నెలల్లో చేరాల్సింది చేరలేదు కాబట్టి వీళ్లకు ఐరన్ చుక్కలు నిజంగా అవసరం. మామూలుగా కిలోకు రోజుకు 2 మిల్లీగ్రాముల దగ్గర, మరీ తక్కువ బరువుంటే ఇంకా ఎక్కువ. పక్కింటి నెలలు నిండిన బిడ్డకు ఐరన్ వద్దన్నారని మీ బిడ్డకు రాసిన చుక్కలు ఆపకండి. మొదలెట్టిన వయసు, మోతాదు మీ డాక్టరు రాసినట్టే, బరువు పెరిగినప్పుడల్లా మార్పించుకుంటూ వాడండి.

ఆరు నెలల తర్వాత

ఆరో నెలలో 9.5 ఉంటే దాన్ని రెండో నెల తగ్గుదల అనకూడదు. అప్పటికి పుట్టుకతో వచ్చిన నిల్వ అయిపోతుంది, నిజమైన ఐరన్ లోపం మొదలయ్యే వయసు అది. హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని పుట్టుక జబ్బు తలసీమియా మేజర్ బయటపడేదీ అప్పుడే. పిండ రకం హిమోగ్లోబిన్ ఉన్నన్నాళ్లూ అది దాగి ఉంటుంది కాబట్టి రెండో నెలలో హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూడటానికి చేసిన హెచ్‌పీఎల్‌సీ బాగుందని నిశ్చింతగా ఉండలేం. అమ్మానాన్నలకు కూడా ఆ పరీక్ష చేస్తే జవాబు త్వరగా తేలుతుంది. ఎప్పుడైనా బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తే, ఎక్కించక ముందే హెచ్‌పీఎల్‌సీకి శాంపిల్ తీసి పెట్టమని అడగండి. ఎక్కించాక మూడు నెలల దాకా ఆ పరీక్షలో కనపడేది రక్తం ఇచ్చినవాళ్ల హిమోగ్లోబిన్ కూడా.