తెలుగు ఈమెయిలు ఎవరి దగ్గర చెడుతోంది?

తెలుగు ఈమెయిళ్లు ఖాళీ డబ్బాలుగానో, అర్థంకాని గుర్తులుగానో చేరుతున్నాయన్న ఫిర్యాదు మళ్లీ మొదలైంది. పంపేవారు ఎప్పటిలాగే ‘మీ దగ్గర తెలుగు ఫాంటు లేదు’ అంటున్నారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చిన తొలి రోజుల్లో ఆ మాటకు బలముండేది. ఇప్పటికీ అక్షరానికొక డబ్బా కనిపిస్తే కారణం ఫాంటే. అదే పాఠాన్ని ఫాంటున్న మరో ఫోనులో తెరిస్తే తెలుగు కనిపిస్తుంది. కానీ à°¤à±† వంటి గుర్తులు వస్తే ఫాంటుకు దానితో సంబంధం లేదు.

దాని మూలం 1992లో ఉంది. ఆ జూన్‌లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ రాసిన మైమ్ అనే ఈమెయిలు ప్రమాణం, ఉత్తరం ఏ ఎన్‌కోడింగులో, అంటే అక్షరాలను బైట్లుగా మార్చే ఏ పద్ధతిలో ఉందో పంపేవారే ఉత్తరం మొదట్లో ఉండే హెడర్లో చెప్పాలనీ, చెప్పకపోతే ఆస్కీగా, అంటే ఇంగ్లీషు అక్షరాలుగానే భావించాలనీ నిర్ణయించింది. లిపులన్నిటికీ చాలే యూటీఎఫ్-8ను కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించింది ఆ సెప్టెంబరులో. మైమ్ పెట్టిన ఆ నియమం వల్ల, తెలుగు పంపేవారు ఎన్‌కోడింగు ఏదో ప్రతిసారీ ప్రకటించాల్సిన పరిస్థితి మిగిలిపోయింది.

ప్రకటించకపోతే జరిగేదేమిటో ‘తెలుగు’ అన్న మాటలోనే చూడవచ్చు. యూటీఎఫ్-8లో ‘త’ E0 B0 A4 అనే మూడు బైట్లు. హెడర్ లేనప్పుడు అందుకున్న ప్రోగ్రాము దాన్ని పశ్చిమ ఐరోపా భాషల ఎన్‌కోడింగైన విండోస్-1252 అని ఊహిస్తే, ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివి à°¤ అని చూపిస్తుంది. బైట్లు చెడలేదు కనుక, ఆ ఉత్తరాన్ని యూటీఎఫ్-8గా తెరిచే వీలు మెయిల్ ప్రోగ్రాములో ఉంటే మాట మొత్తం తిరిగి వస్తుంది.

అయితే చాలామంది ఆ గుర్తులను కాపీ చేసి సరిచేయబోతారు. కొమ్ము చివరి బైటు 81, పొల్లు చివరి బైటు 8D. విండోస్-1252లో ఈ రెండింటికీ అక్షరమే కేటాయించలేదు, అందుకే కాపీలో అవి తరచూ జారిపోతాయి. ‘తెలుగు’లో రెండు కొమ్ములు పోతాయి, పొల్లు పోయిన చోటల్లా ఒత్తులు విడిపోతాయి. అందుకున్నవారే బాగుచేసుకోవాలన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.

పంపేవారు చేయాల్సింది మాత్రం మూడు వరుసలే:

```
MIME-Version: 1.0
Content-Type: text/plain; charset=UTF-8
Content-Transfer-Encoding: base64
```

చివరి వరుస రాసి ఊరుకుంటే చాలదు, పాఠాన్ని నిజంగానే బేస్64లోకి, అంటే బైట్లను ఆస్కీ అక్షరాలతోనే రాసే రూపంలోకి మార్చి పంపాలి. సబ్జెక్టుకు ఈ వరుసలు వర్తించవు. దాన్ని విడిగా `=?UTF-8?B?...?=` రూపంలో పెట్టాలి. లోపలి పాఠం బాగుండి సబ్జెక్టు ఒక్కటే చెడిందంటే ఈ పని వదిలేశారన్నమాట.

ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం వస్తే మాత్రం అందుకున్నవారు చేయగలిగింది ఏమీ లేదు. పంపే సాఫ్ట్‌వేరో, దాని డేటాబేసో తెలుగును ఇముడ్చుకోలేని ఎన్‌కోడింగులోకి మార్చినప్పుడే అసలు బైట్లు పోయాయి. అక్కడి అమరికను యూటీఎఫ్-8కు మార్చి, ఆ ఉత్తరాన్ని మళ్లీ పంపాల్సిందే.