రిజల్ట్స్ రాలేదని జాయినింగ్ రెండు వారాలు జరపమంటే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్ఆర్ పని చూస్తున్నాను. మేం తీసుకునే ఫ్రెషర్లలో ఎక్కువమంది విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల పిల్లలే. ఏటా మే, జూన్ వచ్చేసరికి నాకు ఒకే రకం మెయిల్స్ మొదలవుతాయి: "మేడమ్, రిజల్ట్స్ ఇంకా రాలేదు. జాయినింగ్ రెండు వారాలు పోస్ట్‌పోన్ చేయండి." ఇలా అడగడంలో తప్పేం లేదు. కానీ సీనియర్ ఎవరో చెప్పాడనో, వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారనో రకరకాల అపోహలతో అడుగుతారు. దాంతో సులువుగా అయ్యే పని కూడా చిక్కుపడుతుంది. నేను తరచూ వినే అపోహలు, వాటి వెనక అసలు సంగతి ఇక్కడ చెప్తాను.

అపోహ: డేట్ మార్చమని అడిగితే ఆఫర్ క్యాన్సిల్ చేస్తారు

వాస్తవం: అడిగినందుకు ఆఫర్ పోవడం అరుదు. చెప్పకుండా ఆ రోజు రాకపోతే మాత్రం పోతుంది. మీ ఆఫర్ లెటర్ చివర్లో "ఫలానా తేదీలోపు జాయిన్ కాకపోతే ఈ ఆఫర్ చెల్లదు" అనే మాట సాధారణంగా ఉంటుంది. ఆ రోజు మీరు రాకపోతే మా సిస్టమ్‌లో మీ పేరు పక్కన "నో షో" అని పడుతుంది. అలా పడ్డాక మళ్లీ తెరిపించాలంటే నేను కొత్తగా అప్రూవల్ తెచ్చుకోవాలి. అదే ముందే అడిగితే తేదీ మార్చడంతో సరిపోతుంది.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. తేదీ మార్చే అధికారం హెచ్ఆర్ ఒక్కరి చేతిలో ఉండదు. మీ మెయిల్ వచ్చాక నేను దాన్ని మీరు పనిచేయబోయే టీమ్ మేనేజర్‌కు పంపిస్తాను. ఆయన సరే అంటేనే కొత్త తేదీ. ఆయనకు మీరెవరో సరిగ్గా గుర్తుండకపోవచ్చు, ఆ మెయిల్ మాత్రమే కనిపిస్తుంది. అందుకే మీరు రాసేది నా కోసం కాదు, ఆయన ఒక్కసారి చదివి నిర్ణయం తీసుకోవడం కోసం అనుకుని రాయండి. జాయినింగ్‌కు కనీసం పది రోజుల ముందు రాస్తే మంచిది. ఆ సమయానికి ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, ట్రైనింగ్ సీటు ఇంకా మీ పేరు మీద ఖాయం కావు. ముందు రోజు సాయంత్రం అడిగితే అవన్నీ అయిపోయి ఉంటాయి. మేనేజర్‌కు విసుగొచ్చేది అక్కడే.

క్లయింట్ ప్రాజెక్టు ఫలానా రోజే మొదలవుతుందని ముందే అనుకుని ఉంటే, మీరు ఎంత బాగా రాసినా కుదరదనే జవాబు రావచ్చు. అప్పుడు కూడా ఆఫర్ వెంటనే పోదు. పాత తేదీకే రాగలరా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మీ జవాబేంటో మెయిల్ పంపేముందే ఇంట్లో మాట్లాడుకుని ఉండండి.

అపోహ: రిజల్ట్స్ రాకుండా జాయిన్ అవ్వనివ్వరు, కాబట్టి డేట్ మార్చుకోక తప్పదు

వాస్తవం: అది మీ ఆఫర్ లెటర్‌లో ఉన్న ఒక్క వాక్యాన్ని బట్టి ఉంటుంది. చదువు గురించి రాసిన పేరా వెతికి నెమ్మదిగా చదవండి. "జాయినింగ్ నాటికి బ్యాక్‌లాగ్స్ ఏవీ ఉండకూడదు" అని ఉంటే రిజల్ట్ వచ్చేదాకా ఆగాల్సిందే. "ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఫలానా గడువులోపు ఇవ్వాలి" అని మాత్రమే ఉంటే, సెమిస్టర్ మార్కుల మెమోలు చూపించి, రిజల్ట్స్ రాగానే సర్టిఫికెట్ ఇస్తానని ఒక అండర్‌టేకింగ్ రాసిచ్చి చేరిపోవచ్చు. పాస్ కాకపోతే కంపెనీ నిర్ణయానికి కట్టుబడతానని అందులో రాయించుకుంటారు. రెండో రకం లెటర్ చేతిలో పెట్టుకుని రెండు వారాలు అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు అసలు ఆ మెయిలే అవసరం లేదు. అనవసరంగా రెండు వారాల జీతం వదులుకున్నట్టు.

పేరా చదివినా అర్థం కాకపోతే "తేదీ మార్చండి" అని రాయకండి. "నా ఫైనల్ రిజల్ట్స్ రాలేదు, అండర్‌టేకింగ్‌తో చేరవచ్చా?" అని అడగండి.

అపోహ: రెండు వారాల్లో రిజల్ట్ వచ్చేస్తుంది, అది చాలు

వాస్తవం: ఎక్కువ దెబ్బ తినేది ఇక్కడే, కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

రిజల్ట్ వెబ్‌సైట్‌లో రావడం ఒకటి. మార్కుల మెమో కాలేజీకి చేరడం ఇంకొకటి. ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే మనమంతా పీసీ అనేది, చేతికి రావడం మరొకటి. నాగార్జున యూనివర్సిటీ అయినా జేఎన్‌టీయూ కాకినాడ అయినా ఈ మూడూ ఒకే రోజు రావు. కాలేజీ అటానమస్ అయితే రిజల్ట్ త్వరగా రావచ్చు, కానీ డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీయే. ఇక రీవాల్యుయేషన్‌కు పెట్టుకుంటే ఆ లెక్క వేరు. కాబట్టి రెండు వారాలు అడిగేముందు కంపెనీ అడుగుతున్నది ఏ కాగితం, అది ఎప్పటికి వస్తుంది అనేది తేల్చుకోవాలి.

గుంటూరు నుంచి ఒక అమ్మాయి విషయం చెప్తాను. బీటెక్ అయిపోయింది. మూడో సంవత్సరంలో మిగిలిన ఒక్క సబ్జెక్టు సప్లీ రాసింది. జాయినింగ్ జూన్ 16, సోమవారం. ఆఫర్ లెటర్‌లో "జాయినింగ్ నాటికి బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు" అని ఉంది. జూన్ మొదటి వారంలో మెయిల్ పెట్టింది: "రిజల్ట్స్ రాలేదు, దయచేసి రెండు వారాలు పొడిగించండి." అంతే. ఏ రిజల్ట్? ఎన్ని సబ్జెక్టులు? రెండు వారాలంటే ఏ తేదీ? ఇవేవీ లేవు. దాన్ని అలాగే మేనేజర్‌కు పంపితే, పాస్ అవుతుందో లేదో తెలియని క్యాండిడేట్ టైమ్ అడుగుతోందనే అనుకుంటారు.

నేను ఫోన్ చేసి అడిగాను. "ఒక్క సబ్జెక్టే మేడమ్, మిగతావన్నీ క్లియర్" అంది. "మరి ఆ మాట రాయలేదేంటమ్మా?" అంటే, బ్యాక్‌లాగ్ ఉందని రాస్తే ఆఫర్ పోతుందేమోనని భయపడ్డానంది. ఆ భయం నాకు అర్థమైంది. కానీ రాయకపోతే అవతలివాళ్లు ఇంకా ఎక్కువే ఊహించుకుంటారు. కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌కు వెళ్లి ఒక లెటర్ తెచ్చుకోమన్నాను. అందులో హాల్ టికెట్ నంబరు, రాసిన సబ్జెక్టు పేరు, పరీక్ష జరిగిన తేదీ, ఫలితం రావాల్సి ఉందనే మాట, ప్రిన్సిపాల్ సంతకం, కాలేజీ స్టాంపు ఉండాలి.

రెండో మెయిల్‌లో సంగతి మొత్తం వచ్చేసింది. ఒక సబ్జెక్టు సప్లీ ఫలితం రావాల్సి ఉంది, మిగతా సెమిస్టర్లన్నీ పాస్, మెమోలు జత చేశాను, జాయినింగ్ జూన్ 30కి మార్చమని కోరుతున్నాను, ఆలోపు ఫలితం రాకపోతే జూన్ 25న మీకు తెలియజేస్తాను, ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చేదాకా వెబ్‌సైట్ ఫలితం ప్రింటు మీద ప్రిన్సిపాల్ అటెస్టేషన్ చేయించి ఇస్తాను. "జూన్ 25న తెలియజేస్తాను" అన్న ముక్క మేనేజర్‌కు బాగా నచ్చింది. జవాబు కోసం ఆయన ఎదురుచూడాల్సిన పని లేదు కదా.

అయినా జూన్ 30 దొరకలేదు. ఫ్రెషర్లను మేం బ్యాచ్‌లుగా తీసుకుంటాం, తర్వాతి బ్యాచ్ జూలై 7న ఉంది. దాంతో ఆమె అడిగిన రెండు వారాలు మూడయ్యాయి. చాలా కంపెనీల్లో ఇంతే. మీకు కావలసింది రెండు వారాలైనా, వాళ్లు ఇచ్చేది తర్వాతి బ్యాచ్ తేదీ. అది నెల తర్వాత ఉంటే నెల ఆగాల్సిందే. అందుకే "ఆ వారంలో బ్యాచ్ లేకపోతే తర్వాతి బ్యాచ్ ఎప్పుడు?" అని ముందే అడగండి. ఆ అమ్మాయి ఫలితం జూన్ చివరి వారంలో వచ్చింది, పాసైంది, జూలై 7న చేరింది. పీసీ ఇవ్వడానికి రివైజ్డ్ లెటర్‌లో సెప్టెంబరు 30 వరకు గడువు రాశాం. ఆ గడువు రాయించుకోకపోయి ఉంటే జూలైలో మళ్లీ అదే టెన్షన్.

అపోహ: రిజల్ట్ గురించి ఎందుకు, జ్వరమనో అక్క పెళ్లనో చెప్తే సరి

వాస్తవం: మీరు చేరాక మీ సర్టిఫికెట్లను బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కు పంపిస్తారు. మీరు ఏ నెలలో, ఏ సంవత్సరంలో పాసయ్యారో వాటిలోనే ఉంటుంది. జాయినింగ్ నాటికి బ్యాక్‌లాగ్ ఉందని అప్పుడు బయటపడితే ప్రశ్న బ్యాక్‌లాగ్ గురించి ఉండదు, తప్పుడు సమాచారం ఇచ్చారనే మాట మీదికి వెళ్తుంది. ఆఫర్ లెటర్‌లో దానికి వేరే క్లాజు ఉంటుంది, దాన్ని బట్టి ఉద్యోగంలోంచి తీసేయొచ్చు. మొదట్లోనే చెప్పి ఉంటే ఒక అండర్‌టేకింగ్‌తో పోయే విషయం అది.

అపోహ: లెటర్ మీద కొత్త తేదీ రాసి సంతకం పెట్టి పంపితే సరిపోతుంది, లేదా ఫోన్‌లో సరే అంటే చాలు

వాస్తవం: కొందరు ఆఫర్ లెటర్ ప్రింట్ తీసి, జాయినింగ్ తేదీని పెన్నుతో కొట్టేసి, పక్కన కొత్త తేదీ రాసి, సంతకం పెట్టి స్కాన్ చేసి పంపిస్తారు. అది ఆఫర్‌ను ఒప్పుకున్నట్టు కాదు. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం పూర్తిగా, ఏ మార్పూ లేకుండా ఉండాలి. మీరు తేదీ మార్చి పంపితే అది మీ వైపు నుంచి కొత్త ప్రతిపాదన అవుతుంది, కంపెనీ దాన్ని ఒప్పుకోవాలనేం లేదు. సంతకం పెట్టకముందే తేదీ కుదరదని తెలిస్తే లెటర్‌ను ముట్టుకోకుండా ముందు మెయిల్‌లో అడిగి, మార్చిన లెటర్ వచ్చాక సంతకం పెట్టండి. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే తేదీ మారాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి.

ఫోన్‌లో నేను సరే అన్నా సరే, ఆ మాటకు రాతలో ఆధారం అడగండి. నేను ఆ వారం సెలవులో ఉండొచ్చు, ఉద్యోగం మారిపోయి ఉండొచ్చు. సిస్టమ్‌లో పాత తేదీ అలాగే ఉంటే నో షో పడుతుంది. ఫోన్ పెట్టేయగానే "మీరు ఇప్పుడు చెప్పినట్టు నా జాయినింగ్ జూలై 7కి మారింది, రివైజ్డ్ లెటర్ పంపగలరు" అని రెండు లైన్ల మెయిల్ పెట్టండి. ఇందులో అమర్యాద ఏమీ ఉండదు, మాకూ అదే కావాలి. రివైజ్డ్ లెటర్‌లో మూడు చూసుకోండి: కొత్త తేదీ, సర్టిఫికెట్ల గడువు, ఇక జీతమూ పోస్టూ పాత లెటర్‌లో ఉన్నట్టే ఉన్నాయా లేదా అనేది. అది చేతికి వచ్చాకే హాస్టల్‌కు అడ్వాన్స్ కట్టండి. పాత తేదీ చూసుకుని ముందే కట్టేసి, హాస్టల్ వాళ్లు వెనక్కి ఇవ్వక డబ్బు పోగొట్టుకున్న పిల్లల్ని ప్రతి జూన్‌లో చూస్తూనే ఉన్నాను.