నెమ్మదిగా చదివే ప్రవాస పిల్లలకు పాత కథా, కొత్త కథా? అపోహలు – వాస్తవాలు

అమెరికాలో శనాదివారాల్లో జరిగే తెలుగు తరగతుల్లో నేను చెప్పేది కాస్త పెద్ద పిల్లలకి, పద్నాలుగు పదిహేనేళ్ళ వాళ్ళకి. ఇంట్లో మాట్లాడే తెలుగు వాళ్ళకి బాగానే అర్థమవుతుంది. అమ్మమ్మతో ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడగలరు. గుణింతాలూ ఒత్తులూ వచ్చు. కానీ పుస్తకంలో ఒక పేజీ చదవడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. వీళ్ళ చేతికి ఏ పుస్తకం ఇవ్వాలన్న దగ్గర ఇంట్లో నాన్న ఒక మాట, అమ్మ ఒక మాట. ఇద్దరి మాటల్లోనూ నేను తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: కొత్త కథ అయితే భాష సులువు, పాతదైతే కష్టం.

వాస్తవం: పుస్తకం అచ్చయిన ఏడాదికీ, ఈ పిల్లల కష్టానికీ పెద్దగా సంబంధం లేదు. వీళ్ళు తెలుగు నేర్చుకున్నది చెవితో. చదువుతున్న మాట ఎప్పుడో ఇంట్లో విన్నదైతే సగం పలకగానే మిగతా సగం నోటికి దానంతటదే వచ్చేస్తుంది. విననిదైతే చివరి అక్షరం దాకా కూడబలుక్కోవాలి, కూడబలుక్కున్నాక కూడా అదేమిటో తెలియదు. కాబట్టి చూడాల్సింది కథలో మాటామంతీ ఎంత, వర్ణనా ఆలోచనా ఎంత అన్నది.

గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. రెంటికీ నలభై ఏళ్ళ తేడా. అయినా మా పిల్లలకి ‘గాలివాన’ చాలా కష్టం. కథ ఎక్కువగా రావుగారి మనసులో నడుస్తుంది, ఆయన నియమాలూ తర్కాలూ విడమరిచి చెబుతుంది, ఆ తర్వాత తుపాను వర్ణన వస్తుంది. ‘దిద్దుబాటు’ తలుపు తట్టడంతో మొదలై మొగుడూ నౌకరూ మాట్లాడుకోవడంతో సాగిపోతుంది. ఇప్పటి కథల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. నిర్లిప్తత, అంతర్మథనం, సంక్లిష్టత లాంటి మాటలతో మొదటి పేరా నింపిన నిరుటి కథ ఈ పిల్లలకి వందేళ్ళ నాటి కథ కంటే దూరం. అలాంటి మాటలు వంటింట్లో ఎవరూ మాట్లాడరు కదా.

అపోహ: ఇప్పటి కథల్లో ఇంగ్లీషు మాటలు బోలెడుంటాయి, అవైనా గబగబా చదివేస్తారు.

వాస్తవం: నిజానికి అక్కడే ఎక్కువ ఆగుతారు. ‘ఇన్‌స్ట్రక్షన్స్’, ‘అపార్ట్‌మెంట్’ లాంటివి ఇంగ్లీషు లిపిలో చూస్తే వాళ్ళు అక్షరాలు చదవరు, రూపం చూసి గుర్తుపట్టేస్తారు. అదే మాట తెలుగు లిపిలో వస్తే ఒత్తు కింద ఒత్తు విప్పుకోవాలి. పైగా అది తెలుగు మాటే అనుకుని చదువుతారు కాబట్టి పలికాక కూడా వెంటనే తట్టదు. సాఫ్ట్‌వేర్ ఆఫీసు కథలు ఈ పిల్లలకి దగ్గరగా ఉంటాయని తెచ్చిన అమ్మానాన్నలు ఈ సంగతి గమనించరు. వాళ్ళకి అవి సునాయాసంగానే సాగుతాయి మరి. అలాంటి కథే చదివించాలనుకుంటే ముందుగా ఆ మాటల కింద పెన్సిల్‌తో గీత గీసి ఇవ్వండి. ఇది ఇంగ్లీషు మాట అని ముందే తెలిస్తే సగం తడబాటు పోతుంది.

అపోహ: చదవడం రాదు కాబట్టి చిన్నపిల్లల పుస్తకాలతో మొదలుపెట్టాలి. ఉదాహరణకు ‘బుడుగు’.

వాస్తవం: ‘బుడుగు’ పిల్లాడి నోట చెప్పించిన పుస్తకమే, చిన్నపిల్లలు చదువుకోవడానికి మాత్రం సులువైనది కాదు. ముళ్ళపూడి వెంకటరమణ మాటల్ని పిల్లాడి నోట్లో నలిగినట్టు రాశారు. సీగానపెసూనాంబ అన్నప్పుడు నవ్వు రావాలంటే దాని వెనకున్న శ్రీజ్ఞానప్రసూనాంబ పాఠకుడికి ముందే తెలిసుండాలి. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లకి తప్పు అచ్చులో ఉందో తన చదువులో ఉందో తేలదు. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో చాలామంది తామే తప్పు చదివామనుకుని మళ్ళీ మొదటికి వెళ్ళినవాళ్ళే. ఆ పుస్తకం నాకు ప్రాణం, అందుకే దాన్ని పెద్దవాళ్ళు పైకి చదివి వినిపించాలంటాను. విన్నప్పుడు పిల్లలు పడీపడీ నవ్వుతారు. అదీగాక పదిహేనేళ్ళవాడికి కాకీ నక్కా కథలిస్తే భాష అర్థమైనా మొహం మాడ్చుకుంటాడు.

అపోహ: వేగం రావాలంటే పెద్ద నవల ఒకటి పట్టుకుని పూర్తి చేయించాలి.

వాస్తవం: లెక్క వేసి చూడండి. నిమిషానికి 30 మాటలు చదివే పిల్లాడు. పేజీకి సుమారు 200 మాటలున్న 200 పేజీల నవల అంటే 40,000 మాటలు. దానికి 22 గంటలు పైనే పడుతుంది. బడి, ఆటలు, హోంవర్కు పోగా రోజుకి 20 నిమిషాలు కూర్చుంటే రెండు నెలలు దాటుతుంది. మూడో వారానికి మొదట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో మర్చిపోతాడు. అదే 1,200 మాటల కథ అయితే రెండు విడతల్లో అయిపోతుంది. ‘వేయిపడగలు’ లాంటివి ఈ వయసులో, ఈ వేగంలో అసలు చర్చకే రాకూడదు.

ఇక ఏది ఇవ్వాలో నేను ఎలా తేలుస్తానో ఒక అబ్బాయి విషయం చెబితే తెలుస్తుంది. వాడికి పదిహేనేళ్ళు, డాలస్‌లో పుట్టాడు, తల్లిదండ్రులది గుంటూరు వైపు. ఆదివారం అనుబంధంలో వచ్చిన ఈమధ్య కథ ఒకటి, ‘దిద్దుబాటు’ ఒకటి తీసుకుని ఒక్కోదాంట్లో మొదటి వంద మాటలు పైకి చదవమన్నాను. గడియారం పక్కన పెట్టుకున్నాను, కానీ నిమిషాల కంటే వాడు ఆగే తీరే ముఖ్యం.

ఆగడంలో మూడు రకాలుంటాయి. కొన్నిచోట్ల కూడబలుక్కుని పలికి, తన గొంతు తనే విని “ఓ, అదా!” అంటాడు. అది లిపితో వచ్చిన ఇబ్బంది, చదవగా చదవగా పోతుంది, భయం లేదు. కొన్నిచోట్ల తడబడకుండా పలికేస్తాడు కానీ మొహంలో ఏమీ కనిపించదు. అర్థం అడిగితే భుజాలెగరేస్తాడు. అది మాట తెలియకపోవడం. మూడోది పెద్దవాళ్ళు పట్టుకోలేనిది. ప్రతి మాటా తెలుసు, వాక్యం మాత్రం తెలియదు. చేసి, వెళ్ళి, చూసి అంటూ నాలుగైదు పనులు దండగా గుచ్చి క్రియ చివర్న పెట్టిన వాక్యంలో, చివరికొచ్చేసరికి ఎవరు చేశారన్నది జారిపోతుంది. రెండో రకం వంద మాటల్లో అయిదు దాటితే ఆ కథ పక్కన పెట్టేస్తాను. మూడో రకం పేరాకి ఒకటి కంటే ఎక్కువుంటే కూడా అంతే.

కొత్త కథలో వాడికి నాలుగు నిమిషాలు పైనే పట్టింది. తెలియని మాటలు తొమ్మిది, అన్నీ మొదటి పేరాలో కథానాయకుడి దిగులు గురించినవే. ‘దిద్దుబాటు’ మూడు నిమిషాల చిల్లరలో అయింది. అక్కడా చిక్కులు లేకపోలేదు. తొలిసారి అచ్చయిన పాఠంలో కథనం పాత పద్ధతిలోనే ఉంటుంది, గడియారం ‘కొట్టెను’ అనే ఉంటుంది. సంధి కలిపి రాసిన మాటల దగ్గర వాడు బాగా చతికిలబడ్డాడు. కానీ గోపాలరావూ రాముడూ మాట్లాడుకునే చోటికి రాగానే గొంతు మారింది, నౌకరు మాటల్ని నటిస్తూ చదివాడు. దాంతో దారి దొరికింది. కథనం నేను చదివాను, సంభాషణలు వాడు చదివాడు. పాత కథల్లో గ్రాంథికం ఎక్కువగా కథనంలోనే ఉంటుంది కాబట్టి ఈ పంపకం చాలా కథలకు పనికొస్తుంది. ముందుగా సానుల పాట కచేరీలంటే ఏమిటో, అప్పటి సంఘసంస్కర్తలు వాటిని ఎందుకు కాదన్నారో రెండు మాటల్లో చెప్పాను. అది చెప్పకపోతే మొగుడు పాట వినడానికి వెళ్తే భార్యకి కోపమెందుకో ఈ పిల్లలకి అందదు.

తర్వాత వాడికి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగంలోంచి ప్రయాణం ఘట్టాలు ఇచ్చాను, పుస్తకమంతా కాదు. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరి, తెలియక ఆడవాళ్ళ టోపీ కొనుక్కోవడం వాడికి వివరించక్కర్లేకపోయింది. రెండు దేశాల మధ్య పెరిగిన పిల్లలకి ఆ ఇబ్బంది బాగా తెలుసు.

ఈ లెక్క అన్నిటికీ సరిపోదని కూడా చెప్పాలి. డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో ముసలివాడు తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. మాట్లాడుకోవడానికి పక్కన మనిషే లేడు, అంతా కథనమే. నా పద్ధతి ప్రకారం పక్కన పెట్టాల్సిన పుస్తకం. అయినా చిన్న నవల, ఒక మనిషి, ఒక పని, ఏమవుతుందోనన్న బిగువు ఉన్నాయి. వేటా జంతువులూ అంటే ఇష్టపడే పిల్లలు తెలియని మాటల్ని దాటుకుంటూ పోతారు. కాబట్టి వంద మాటల పరీక్షలో ఓడినా “తర్వాతేమైంది?” అని పిల్లే అడిగితే పుస్తకం లాక్కోకండి.

అపోహ: యాసలో రాసినవి తర్వాత, ముందు పుస్తకాల తెలుగు రావాలి.

వాస్తవం: ఏ యాస, ఎవరి ఇల్లు అన్నదే ప్రశ్న. నామిని ‘మిట్టూరోడి కతలు’ చిత్తూరు జిల్లా తెలుగులో ఉంటాయి. డాలస్ అబ్బాయికి ఇస్తే ప్రతి వాక్యంలోనూ నా తప్పా, అచ్చు తప్పా అని అడిగాడు. తిరుపతి దగ్గర ఊరి నుంచి వచ్చిన కుటుంబంలో అమ్మాయికి అవే కతలు ఇస్తే రెండో పేజీకల్లా “మా జేజి ఇట్టాగే మాట్లాడతాది” అంది. తడబాట్లన్నీ మొదటి రకానివే. కావలి నేపథ్యంలో ఖదీర్‌బాబు రాసిన ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు ఇళ్ళకి అలాగే కుదురుతాయి. వరంగల్, కరీంనగర్ ఇళ్ళ పిల్లలకి గోదావరి తెలుగు కథలు ప్రామాణికమని ముందు పెట్టడంలో నాకు అర్థం కనబడదు. తరగతిలో అందరికీ ఒకే పుస్తకం ఇవ్వాల్సివస్తే మాత్రం యాస తక్కువున్నదే తీసుకుంటాను. ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. అమ్మమ్మో నాన్నమ్మో ఏ ఊరి తెలుగు మాట్లాడతారో ఆ ఊరి రచయితతో మొదలుపెట్టి, మొదటి పేజీ ఆవిడ చేత ఫోన్లో చదివించండి.