మీ పాత పాస్‌వర్డ్ సైటుకు కూడా తెలియదు

పాస్‌వర్డ్ మర్చిపోయి ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కితే, కొత్తది పెట్టుకోమని లింకు వస్తుంది. పాతదేమిటో మాత్రం చెప్పరు. నాదే కదా, చెబితే ఏం పోయిందని విసుక్కుంటాం. కానీ పద్ధతిగా నడిచే సైటు దగ్గర అసలు మన పాస్‌వర్డే ఉండదు. ఉండేది దాని హ్యాష్.

మొదట్లో ఇలా లేదు. 1960ల్లో అమెరికాలోని ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే సిస్టమ్ నడిచేది. ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి వాడుకునేవారు కాబట్టి ఒక్కొక్కరికీ ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. అన్నీ ఒక ఫైల్లో ఉన్నవి ఉన్నట్టే రాసి ఉండేవి. 1966లో ఒక రోజు లాగిన్ అయిన వాళ్లందరికీ ఆనాటి సందేశం బదులు ఆ ఫైలు మొత్తం టెర్మినల్ మీద ప్రింటవడం మొదలైంది. ఎవరూ చొరబడలేదు. అక్కడి ఎడిటర్ ప్రోగ్రామ్ తాత్కాలిక ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో ఒకరు సందేశాన్నీ, మరొకరు పాస్‌వర్డ్ ఫైలునూ దిద్దుతుంటే రెండూ తారుమారయ్యాయి.

ఫైలును ఎంత దాచినా ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. అలాంటప్పుడు బయటపడినా పనికిరానిది అందులో రాసుకుంటే సరిపోతుందన్న ఆలోచన ఆ దశాబ్దంలోనే ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్త రోజర్ నీధమ్‌కు వచ్చింది. హ్యాషింగ్ అంటే అదే. ఏ మాట ఇచ్చినా దాన్ని లెక్క ప్రకారం నుజ్జు చేసి, నిర్ణీత పొడవుండే అక్షరాల వరుసగా మారుస్తారు. ఎండీ5 అనే పాత పద్ధతిలో ఇలా ఉంటుంది:

```
hello  5d41402abc4b2a76b9719d911017c592
Hello  8b1a9953c4611296a827abf8c47804d7
```

మారింది ఒక్క అక్షరం, అదీ చిన్న h పెద్దదైంది, అంతే. ఫలితాల మధ్య పోలికే లేదు. రోట్లో నూరిన పచ్చడి నుంచి మిరపకాయను వెనక్కి తీయలేనట్టే, కుడివైపు వరుస నుంచి ఎడమవైపు మాటకు దారి లేదు. మనం లాగిన్ అయినప్పుడు టైప్ చేసినదాన్ని సైటు మళ్లీ నూరి, తన దగ్గరున్న వరుసతో పోల్చి చూస్తుంది. తేడా లేకపోతే లోపలికి రానిస్తుంది.

వెనక్కి తీయలేకపోయినా, ఊహించి చూడొచ్చు. దొంగ చేసేది అదే. నిఘంటువులోని మాటలన్నీ నూరి, దొంగిలించిన వరుసలతో సరిపోల్చుకుంటాడు. యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన వాళ్లలో ఒకరైన కెన్ థాంప్సన్, ఆయన సహోద్యోగి రాబర్ట్ మోరిస్ కలిసి 1979లో ఒక వ్యాసం రాశారు. వాళ్లు సేకరించిన 3,289 పాస్‌వర్డ్‌లలో దాదాపు 86 శాతం ఇలాంటి ఊహలకే దొరికిపోయేలా ఉన్నాయి.

వాళ్లు రెండు విరుగుడులు చెప్పారు. ఒకటి, నూరడం కావాలనే నెమ్మదిగా జరగాలి, అందుకే అదే లెక్కను 25 సార్లు తిప్పారు. రెండోది సాల్ట్, అంటే ప్రతి పాస్‌వర్డ్‌కూ వేరే చిటికెడు ఉప్పు. అడ్డదిడ్డంగా ఎంచిన రెండు అక్షరాలను లెక్కలో కలుపుతారు. అప్పుడు ఇద్దరిది ఒకే పాస్‌వర్డ్ అయినా హ్యాష్‌లు దాదాపు ఎప్పుడూ వేరుగానే ఉంటాయి, కాబట్టి దొంగ ఒక్కసారి నూరి అందరి మీదా ప్రయోగించలేడు. ఉప్పు రహస్యమేమీ కాదు, హ్యాష్ పక్కనే రాసి ఉంటుంది. ఇంత తేలికైన జాగ్రత్తను 33 ఏళ్ల తర్వాత కూడా లింక్డ్‌ఇన్ తీసుకోలేదు. 2012లో బయటపడ్డ సుమారు 65 లక్షల హ్యాష్‌లకు సాల్ట్ లేదు.

థాంప్సన్ సొంత హ్యాష్ కూడా ఒక పాత యునిక్స్ ఫైల్లో అలాగే ఉండిపోయింది:

```
ZghOT0eRm4U9s
```

మొదటి రెండు అక్షరాలు, Zg, ఉప్పు. ఇది చాలా ఏళ్లు కొరుకుడుపడలేదు. 2019లో ఒకాయన గేములాడేవాళ్లు కొనుక్కునే గ్రాఫిక్స్ కార్డు పెట్టి, సెకనుకు దాదాపు 93 కోట్ల ఊహల చొప్పున నాలుగు రోజులకు పైగా నడిపితే తేలింది. పాస్‌వర్డ్ `p/q2-q4!`. చదరంగంలో రాణి ముందున్న బంటును రెండు గళ్లు జరిపే ఎత్తును పాత పద్ధతిలో ఇలా రాసేవారు. థాంప్సన్ అభినందనలు చెప్పి ఊరుకున్నారు.

ఆ పాస్‌వర్డ్‌లో లోపమేమీ లేదు, నలభై ఏళ్ల కిందటి నెమ్మది ఇప్పుడు నెమ్మది కాకుండా పోయింది, అంతే. అందుకే 1999లో వచ్చిన బీక్రిప్ట్ అనే హ్యాషింగ్ పద్ధతిలో ఆ 25 లాంటి అంకెను స్థిరంగా ఉంచలేదు. అందులో ఒక మీట ఉంటుంది. దాన్ని ఒక్క మెట్టు పెంచితే పని రెట్టింపవుతుంది. లాగిన్ అయ్యేవాడికి రెప్పపాటు ఆలస్యం, కోట్ల ఊహలు చేయాల్సిన వాడికి ఏళ్లు. యంత్రాలు వేగం పుంజుకున్నప్పుడల్లా సైటు నడిపేవాళ్లు మీటను పెంచుకుంటూ పోవాలి.

ఇదంతా లోపల జరిగేది, బయటి నుంచి మనకు కనపడదు. కనపడే గుర్తు ఒకటే ఉంది. ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కగానే మీ పాత పాస్‌వర్డ్‌నే ఈమెయిల్లో పంపించారంటే, ఆ సైటు దగ్గర హ్యాష్ కాదు, తిరిగి చదవగలిగే పాస్‌వర్డే ఉందన్నమాట.