డయల్‌కి కన్నం పెడితే దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఓపెన్ హార్ట్ వాచీ ఒకటి కొనాలనుకుంటున్నాను. డయల్‌కి కన్నం ఉంది కదా, అందులోంచి దుమ్ము పోదా? పోయేట్టయితే డయలే లేని స్కెలిటన్ వాచీలు ఎలా నడుస్తున్నాయి?" అని ఒక పాఠకుడు అడిగారు. దుమ్ము ఎటునుంచి ఎటు పోతుందో తెలిస్తే రిపేరు ఖర్చు సంగతి కూడా చాలావరకు అర్థమవుతుంది. అందుకే ఈ ప్రశ్న నాకు చాలా నచ్చింది.

ముందు తేడా చూద్దాం. ఓపెన్ హార్ట్ అంటే మామూలు డయలే. అటూ ఇటూ ఊగుతూ వాచీ నడకని లెక్కకట్టే చక్రం, అంటే బాలెన్స్ వీల్, కనబడేలా ఒక పక్కన కిటికీ తెరుస్తారు. ఫ్రెడరిక్ కాన్‌స్టంట్ అనే స్విస్ సంస్థ 1994లో 'హార్ట్ బీట్' పేరుతో తెచ్చిన వాచీతో ఈ తరహాకి పేరొచ్చింది. స్కెలిటన్ అంతకంటే చాలా పాతది. అందులో డయల్ దాదాపుగా ఉండదు. యంత్రాన్ని మోసే అడుగు పలకనీ, చక్రాలని వెనకనుంచి పట్టి ఉంచే వంతెన పలకలనీ కూడా అవసరమైనంత మేరకే ఉంచి మిగతాదంతా కోసేస్తారు.

ఇక దుమ్ము. రెండింటిలోనూ డయల్ మీద గాజు ఉంటుంది. బయటి దుమ్ముకి దారులు మూడే: గాజు అంచు, వెనక మూత, కీ తిప్పే క్రౌన్. ఈ మూడుచోట్లా రబ్బరు రింగులుంటాయి. డయల్‌కి ఎన్ని కన్నాలున్నా ఈ రింగుల పని మారదు. కాబట్టి బయటినుంచి వచ్చే దుమ్ము విషయంలో మామూలు వాచీ, ఓపెన్ హార్ట్, స్కెలిటన్ మూడూ సమానమే.

చిక్కు లోపల పుట్టే దుమ్ముతోనే. బిగించేటప్పుడు గుడ్డ నుంచో చొక్కా చేతి నుంచో రాలిన నూలుపోగు గాజు లోపలివైపు అంటుకుని ఉండిపోతుంది. ముళ్ల మీద చీకట్లో మెరిసే పూత ఏళ్లు గడిచాక పెళుసెక్కి రేణువులుగా రాలుతుంది. కన్నం కోసిన అంచు దగ్గర డయల్ రంగు సరిగ్గా పట్టకపోతే అదీ పెచ్చులూడుతుంది. మామూలు వాచీలో ఇవన్నీ డయల్ మీద పడి అక్కడే ఆగిపోతాయి. చూడ్డానికి బాగోవు గానీ వాచీ నడకకి అడ్డం రావు. అంటే డయల్ అంకెలు వేసుకునే పలక మాత్రమే కాదు, యంత్రానికి కప్పు కూడా. స్కెలిటన్‌లో కప్పు మొత్తం ఎత్తేశారు. ఓపెన్ హార్ట్‌లో కప్పుకి ఒకే ఒక్క కన్నం పెట్టారు, అదీ సరిగ్గా అత్యంత సున్నితమైన భాగం మీద.

ఆ భాగం హెయిర్‌స్ప్రింగ్, అంటే బాలెన్స్ వీల్‌ని ప్రతి ఊపులోనూ వెనక్కి తిప్పే సన్నటి చుట్టల స్ప్రింగ్. కిటికీలోంచి చూస్తే ముందు బాలెన్స్ వీల్ కనిపిస్తుంది, దాని ఆకుల సందుల్లోంచి వెనకాల హెయిర్‌స్ప్రింగ్ కనిపిస్తుంది. సాధారణంగా స్ప్రింగ్ ఉండేది చక్రానికీ వెనక వంతెనకీ మధ్యన. కాబట్టి గాజు నుంచి రాలిన పోగు కన్నంలోంచి దిగి, ఊగుతున్న చక్రం ఆకుల మధ్యనుంచి జారితే గానీ స్ప్రింగ్‌ని చేరదు. చాలా పోగులు అక్కడిదాకా పోవు. చేరిన ఒక్కటి చాలు.

ఎందుకు చాలో చెప్పాలంటే కొంచెం లెక్క కావాలి. బడిలో లోలకం పాఠం అందరం చదివాం. ఊపుకి పట్టే కాలం పొడవు వర్గమూలాన్ని బట్టి ఉంటుందని కంఠతా పట్టాం. అదే వర్గమూలం మన చేతి వాచీలోనూ ఉందని మాత్రం పాఠాల్లో చెప్పరు. చెప్తే ఆ సూత్రం ఎంతమందికి ఇష్టమయ్యేదో! హెయిర్‌స్ప్రింగ్ పొడవు తగ్గితే గట్టిపడుతుంది, గట్టిపడితే చక్రం త్వరగా వెనక్కి తిరుగుతుంది. పొడవు ఒక శాతం తగ్గితే ఊపు కాలం అర శాతం తగ్గుతుంది. రోజుకి 86,400 సెకన్లు, అందులో అర శాతం 432 సెకన్లు. అంటే వాచీ రోజుకి ఏడు నిమిషాలకు పైగా ముందుకి పరుగెడుతుంది. స్ప్రింగ్‌ని ఎవరూ కత్తిరించనక్కర్లేదు. రెండు చుట్టల మధ్య పోగు ఇరుక్కుని అవి విడివిడిగా కదలకుండా చేస్తే చాలు, ఆ మేరకు పొడవు తగ్గినట్టే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నిన్నటిదాకా రోజుకి పది సెకన్ల తేడాతో నడిచిన ఓపెన్ హార్ట్ వాచీ ఇవాళ ఉన్నట్టుండి 25 నిమిషాలు ముందుంది. 25 నిమిషాలంటే 1,500 సెకన్లు, రోజులో సుమారు 1.7 శాతం. అంటే స్ప్రింగ్ పొడవు మూడున్నర శాతం దాకా తగ్గినట్టు ప్రవర్తిస్తోంది. పన్నెండు చుట్టలున్న స్ప్రింగ్‌లో ఒక్కో చుట్ట వాటా సగటున ఎనిమిది శాతం పైమాటే. ఒక చుట్ట పూర్తిగా అతుక్కుపోయి ఉంటే తేడా ఇంకా ఎక్కువుండాలి. కాబట్టి చుట్టలు ఊపంతటా అంటుకుని లేవు, స్ప్రింగ్ ముడుచుకున్నప్పుడు మాత్రమే తగులుతున్నాయని అనుమానించవచ్చు. దీన్ని పరీక్షించడం తేలిక. కీ పూర్తిగా ఇచ్చినప్పుడు ఊపు పెద్దది, చుట్టలు బాగా దగ్గరకొస్తాయి, వాచీ ఎక్కువ పరుగెడుతుంది. కీ తగ్గేకొద్దీ ఊపు తగ్గి ఆ పరుగూ తగ్గితే అనుమానం బలపడినట్టే.

అయితే స్ప్రింగ్‌కి అయస్కాంతం పట్టినా చుట్టలు ఇలాగే అతుక్కుంటాయి. అందుకే ముందు వాచీని దిక్సూచి దగ్గర పెట్టి చూడాలి. ముల్లు గట్టిగా కదిలితే తప్పు దుమ్ముది కాదు. అయస్కాంతం తీసే పరికరంతో నిమిషాల్లో సరిపోతుంది. ముల్లు కదలకపోతే పదిరెట్లు చూపించే భూతద్దం తీసుకుని కిటికీలోంచి చూడండి. ఆరోగ్యంగా ఉన్న స్ప్రింగ్ చుట్టలన్నీ సమానంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. పోగున్న చోట మాత్రం రెండు గీతలు కలిసి ఒకే లావు గీతలా కదులుతాయి. మూసేసిన డయల్ ఉన్న వాచీలో వెనక మూత తీస్తే గానీ కనబడని రోగం ఇక్కడ గాజులోంచే కనబడుతుంది. ఓపెన్ హార్ట్‌కి ఇది పెద్ద సౌకర్యం.

స్కెలిటన్‌లో ఈ ప్రమాదానికి తోడు ఇంకొకటుంది. పోగు పళ్ల చక్రాల మధ్య పడొచ్చు. అప్పుడు వాచీ పరుగెత్తదు, ఆగుతుంది. చిన్నగా ఊపితే మళ్లీ నడుస్తుంది, ఆ పన్ను మళ్లీ అక్కడికి వచ్చేసరికి ఆగుతుంది. ఇంకా మెల్లిగా జరిగే నష్టం నూనెది. చక్రం ఇరుసు తిరిగే కెంపురాయి గుంటలో పిసరంత నూనె ఉంటుంది. పోగు దాన్ని తాకితే నూనె పోగులోకి పాకిపోతుంది, ఇరుసు పొడిబారుతుంది. ఇది ఏళ్లు గడిచాక అరుగుదలగా బయటపడుతుంది.

ఇప్పుడు టైము చూడ్డం సంగతి. ఓపెన్ హార్ట్ కిటికీ తొమ్మిది దగ్గరుండి, ఎనిమిది నుంచి పది దాకా పరుచుకుందనుకోండి. పెద్ద ముల్లు గంటకి పది నిమిషాలు దాని మీదుగా పోతుంది. కానీ దాని మొన కిటికీ దాటి అంచునున్న నిమిషాల గీతల మీద ఆగుతుంది కాబట్టి చదవడానికి ఇబ్బంది ఉండదు. చిక్కంతా చిన్న ముల్లుతోనే. పొట్టిది కాబట్టి దాని మొన సరిగ్గా కిటికీలో పడుతుంది. ఉదయం రెండు గంటలు, రాత్రి రెండు గంటలు ఆ మొన వెనకాల సెకనుకి మూడుసార్లు అటూ ఇటూ ఊగే చక్రం మెరుస్తూ ఉంటుంది. కదిలేదాని మీదికే చూపు పోవడం కంటి స్వభావం. అయినా మిగతా డయల్ నిండుగా ఉంటుంది కాబట్టి ఓ క్షణం ఆలస్యమవుతుంది, అంతే.

స్కెలిటన్‌లో ఆ ఇబ్బంది రోజంతా ఉంటుంది. ముల్లు ఒక లోహపు బద్ద, వెనకున్న వంతెనలూ లోహపు బద్దలే, వెడల్పు కూడా దాదాపు అంతే. ఏది ముందుందో ఏది వెనకుందో తేల్చుకోవడానికి కంటికి ఆనవాలు దొరకదు. మెరుగు పెట్టిన ముల్లయితే మరీ కష్టం. ఒక కోణంలో వెండిలా, ఇంకో కోణంలో నల్లగా కనిపించి, వెనకున్న దానిలో కలిసిపోతుంది. దీనికి మందు కూడా డయల్ లాంటిదే: అంచు చుట్టూ నిండైన రింగు, ముళ్లకి యంత్రంలో ఎక్కడా లేని రంగు. ఈ రెండూ లేని స్కెలిటన్‌ని ఎంత అందంగా ఉన్నా టైము కోసం కొనమని నేను చెప్పలేను. కొనేముందు దీపం కింద కాకుండా, చెయ్యి చాచినంత దూరంలో మామూలు వెలుతురులో చూడండి.

ఖర్చు దగ్గరికొస్తే, పైన చెప్పిన 25 నిమిషాల వాచీనే మళ్లీ చూద్దాం. వెనక మూత తీసి, బాలెన్స్ వంతెనకున్న స్క్రూ విప్పితే చక్రం, స్ప్రింగ్ కలిసి బయటికొస్తాయి. ద్రావకంలో ముంచి, ఆరబెట్టి, తిరిగి పెట్టేస్తారు. ముళ్లూ డయలూ తియ్యనక్కర్లేదు. తేలిక పని, తక్కువ ఖర్చు. కానీ పోగు ముందువైపు నుంచి రాలిందని మర్చిపోకూడదు. గాజు లోపలా కన్నం అంచునా శుభ్రం చెయ్యకపోతే ఇంకో పోగు రాలుతుంది, అదే రోగం తిరిగొస్తుంది. అందుకని ముళ్లు తీసి, డయల్ ఎత్తి ముందువైపు కూడా చూడమని అడగండి. కూలి కొంచెం పెరుగుతుంది, రెండోసారి వెళ్లే పని తప్పుతుంది. పూర్తి సర్వీసింగ్‌కి కూడా ఓపెన్ హార్ట్ ఖర్చు అదే యంత్రమున్న మామూలు వాచీ ఖర్చుకి దగ్గరగానే ఉంటుంది.

స్కెలిటన్ ఖర్చు పలకల్ని ఎవరు ఎలా కోశారన్న దాన్ని బట్టి ఉంటుంది. సీకో యంత్రాల్లో మామూలు ఎన్‌హెచ్35, ఓపెన్ హార్ట్‌కి వాడే ఎన్‌హెచ్38, స్కెలిటన్‌కి వాడే ఎన్‌హెచ్70 ఒకే కుటుంబానివి. యంత్రం పాడైతే దాన్నే మొత్తంగా మార్చేస్తారు, చాలాసార్లు విప్పి బాగుచెయ్యడం కంటే అదే చవక. చేత్తో కోసి, అంచులు ఏటవాలుగా చెక్కి మెరుగు పెట్టిన స్కెలిటన్‌కి ఆ దారి లేదు. అక్కడ వంతెన ఆ వాచీకే చెందినది, ఇంకోటి దొరకదు. స్క్రూడ్రైవర్ ఒకసారి జారితే మామూలు వాచీలో ఆ గీత డయల్ కింద దాగిపోతుంది, ఇక్కడ మాత్రం ముఖం మీదే ఉంటుంది. కోయగా మిగిలిన సన్నటి బద్దలు వంగకుండా పట్టుకోవాలి, వేలిముద్ర పడకూడదు, నూనె చుక్క పొంగకూడదు. ఒకే పనికి అన్ని గంటలు ఎక్కువ పడతాయి, కూలి కూడా ఆ గంటల్ని బట్టే ఉంటుంది. అలాంటి వాచీని ముట్టుకోనని చెప్పే రిపేరువాళ్లుంటారు. వాళ్ల మీద నాకు గౌరవమే.

కాబట్టి ప్రశ్న అడిగిన పాఠకుడికి నా జవాబు: కన్నం చూసి వెనకాడకండి, ఓపెన్ హార్ట్ తీసుకోండి. ఇంటికి తెచ్చాక గాజు లోపలివైపు భూతద్దంతో ఒకసారి చూడండి. ఎక్కడైనా పోగు కనిపిస్తే గ్యారంటీ ఉండగానే వెనక్కిచ్చి తీయించండి.