రెట్టింపు సరే, ఎంతకు రెట్టింపు?

1995 అక్టోబరులో బ్రిటన్‌లోని ఔషధ భద్రతా కమిటీ వైద్యులకు ఒక హెచ్చరిక పంపింది. మూడో తరం గర్భనిరోధక మాత్రలు వాడేవారి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు, అంతకుముందు తరం మాత్రలతో పోలిస్తే దాదాపు రెట్టింపు అన్నది దాని సారాంశం. ముప్పు నూరు శాతం పెరిగిందంటూ వార్త పాకింది. ఎంతోమంది భయపడి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా.

లెక్క చూస్తే, పాత మాత్రలు వాడే 7,000 మందిలో ఏడాదికి సుమారు ఒకరికి గడ్డ ఏర్పడుతుంటే, కొత్తవాటితో ఇద్దరికి ఏర్పడుతోంది. నూరు శాతమన్నా, 7,000 మందిలో అదనంగా ఒక్కరన్నా రెండూ నిజమే. పైగా గర్భం వస్తే గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల వల్ల వచ్చేదానికంటే ఎక్కువ. మాత్రలు మానేసి గర్భం దాల్చినవారు చిన్న ముప్పు నుంచి తప్పించుకోబోయి పెద్దదానిలో పడ్డారు.

సాపేక్ష ముప్పు రెండు సంఖ్యల నిష్పత్తి మాత్రమే. మొదట ఎంత ఉండేదో అది చెప్పదు. బడిలో శాతాలు నేర్పేటప్పుడు 'దేనిలో శాతం?' అని పిల్లల చేత అడిగించకపోవడం నాకు పెద్ద లోపంగా కనిపిస్తుంది.

ఇదే నిష్పత్తి మంచి కబురును కూడా పెంచి చూపగలదు. ఒక మందు గుండెపోటు ముప్పును మూడో వంతు తగ్గిస్తుందనుకుందాం. మందు లేకపోతే పదేళ్లలో వందమందిలో 30 మందికి గుండెపోటు వచ్చే బృందంలో, మందు వాడితే 20 మందికే వస్తుంది. అంటే పదిమంది బయటపడతారు. వందకు ముగ్గురికే వచ్చే బృందంలో అది ఇద్దరికి తగ్గుతుంది, బయటపడేది ఒక్కరే. మిగతా 99 మందిలో 97 మందికి మందు లేకున్నా రాదు, ఇద్దరికి మందు వాడినా వస్తుంది. మందు మారలేదు, మూడో వంతూ మారలేదు. లాభాన్ని 'మూడో వంతు' అని, దుష్ప్రభావాన్ని 'వెయ్యికి ఒకరు' అని ఒకే కరపత్రంలో రాస్తే అది రోగిని ఒకవైపుకు నెట్టడమే. రెండింటినీ ఒకే కొలతలో చెప్పాలి.

హారం మారినా ఇబ్బందే. '25 మందిలో ఒకరు', '200 మందిలో ఒకరు' అని పక్కపక్కనే చెబితే, 200 పెద్ద అంకె కాబట్టి ముప్పూ పెద్దదనుకునేవారు ఉంటారు. వెయ్యికి 40, వెయ్యికి ఐదు అంటే తికమక ఉండదు. 'వందలో ఒకరికి' అని ఆపేస్తే వినేవారికి ఆ ఒక్కరూ తామేనని తోస్తుంది. అందుకే 99 మందికి ఏమీ కాదన్నదీ అదే వాక్యంలో రావాలి. ఎంత కాలంలో అన్నదీ చెప్పాలి, ఎందుకంటే ఏడాదికి వందలో ఒకరు, జీవితకాలంలో వందలో ఒకరు ఎంతో తేడా ఉన్న ముప్పులు.

అయితే ఆ వందమంది ఎవరన్నది తేలకపోతే ఇంత జాగ్రత్తగా చెప్పినా ఉపయోగం తక్కువ. వయసు, పొగతాగే అలవాటు, మధుమేహం వంటివాటిలో రోగిని పోలినవారి నుంచే ఆ తొలి సంఖ్య రావాలి. అరవై ఏళ్లవారి లెక్కను ముప్పై ఏళ్ల వ్యక్తికి చెబితే, నిష్పత్తి సరైనదే అయినా జవాబు తప్పుతుంది.